సంక్రమణం లేని నెల

దీపావళి తేదీలు నాలుగేళ్లవి వరసగా రాసుకుని చూడండి. 2023లో నవంబరు 12. 2024లో అక్టోబరు 31. 2025లో అక్టోబరు 20. 2026లో నవంబరు 8. మూడేళ్లపాటు పండగ ఏటా పదకొండు, పన్నెండు రోజులు ముందే వచ్చేస్తూ ఉంది. నాలుగో ఏడు ఉన్నట్టుండి పందొమ్మిది రోజులు ఆలస్యమైంది. వినాయక చవితీ అంతే: సెప్టెంబరు 18, సెప్టెంబరు 7, ఆగస్టు 27, మళ్లీ సెప్టెంబరు 14. పెద్ద పండగ మకర సంక్రాంతి మాత్రం జనవరి 14, 15 దాటి ఎటూ కదలదు.

సంక్రాంతి సూర్యుడి పండగ కాబట్టి కదలదు, మిగతావి చంద్రుడివి కాబట్టి కదులుతాయి అనే సమాధానం అందరికీ తెలుసు. కదిలినవాటిని మళ్లీ చోటికి తెచ్చేది అధిక మాసం అనీ తెలుసు. కానీ ఆ అధిక మాసం ఏ ఏడు రావాలో, ఆ ఏట ఏ నెల పక్కన చేరాలో ఎవరు నిర్ణయిస్తారు? ఏ పీఠమూ నిర్ణయించదు, ఏ పంచాంగకర్తా నిర్ణయించడు. ఒక్క వాక్యంలో ఇమిడే సూత్రం ఒకటుంది, అదే నిర్ణయిస్తుంది. పంచాంగం పనితనంలో నాకు అన్నిటికన్నా ముచ్చటగా తోచేది ఆ సూత్రమే. దాన్ని విప్పి చూడటానికే ఈ వ్యాసం.

ముందు సమస్య ఎంతుందో చూద్దాం. అమావాస్య నుంచి అమావాస్యకు సగటున 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు పడుతుంది. అలాంటి నెలలు పన్నెండైతే 354 రోజుల పైన కొన్ని గంటలు. సూర్యుడు రాశిచక్రం మొత్తం తిరిగి మొదటి చోటికి రావడానికి 365 రోజుల పైన ఆరు గంటల చిల్లర. రెంటికీ తేడా పదకొండు రోజులకు కాస్త తక్కువ. ఉగాదుల మధ్య రోజులు లెక్కపెడితే ఇది చేతికందుతుంది. 2024 ఏప్రిల్ 9న క్రోధి ఉగాది, 2025 మార్చి 30న విశ్వావసు ఉగాది: నడుమ 355 రోజులు. అక్కడి నుంచి 2026 మార్చి 19న పరాభవ ఉగాదికి 354. ఆ తరువాతి ఉగాది 2027 ఏప్రిల్ 7న, అంటే పరాభవ సంవత్సరానికి ఏకంగా 384 రోజులు. పదమూడు నెలల ఏడన్నమాట.

ఈ పదకొండు రోజుల్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో మన ఊళ్లలోనే కనిపిస్తుంది. ఇస్లామీయ కాలగణనలో అదనపు నెల కలపకూడదని నియమం. అందుకే పీర్ల పండగ ఒకప్పుడు ఎండల్లో వస్తుంది, కొన్నేళ్లకు వానల్లో, ఇంకొన్నేళ్లకు చలిలో. దాదాపు ముప్పై మూడేళ్లలో రుతువులన్నీ చుట్టి వస్తుంది. 2030లో రంజాన్ నెల జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర మరోసారి మొదలవుతుంది. అది లోపం కాదు, వాళ్లు తెలిసి ఎంచుకున్న పద్ధతి. మన పెద్దలు ఎంచుకున్నది వేరు: నెలలు చంద్రుడివే ఉండాలి, కానీ ఉగాది వేప పూత వేళ దాటిపోకూడదు.

దానికి తేలిక దారి ఒకటుంది. ఇన్నేళ్లకు ఇన్ని నెలలు కలపాలని ఒక కోటా పెట్టేసుకోవడం. వేదాంగ జ్యోతిషం చేసిందదే. ఐదేళ్లు ఒక యుగం, అందులో 62 చాంద్రమాసాలు, అంటే మామూలు అరవై మీద రెండు అదనం. గుర్తుపెట్టుకోవడం సులువు, లెక్కే కాస్త వదులు. ఆ యుగానికి వాళ్లు చెప్పిన రోజులు 1830. అసలు ఐదు సంవత్సరాలకు 1826 చిల్లరే. తొంభై ఐదేళ్లు అలాగే నడిపితే 38 అధిక మాసాలు కలుస్తాయి, నిజానికి కావలసినవి 35. మూడు నెలలు ఎక్కువ కలిశాయంటే ఉగాది ఆషాఢంలో పడ్డట్టే. మధ్యమధ్య ఎవరో ఒకరు ఆకాశం చూసి, ఈసారికి ఒక నెల మానేద్దాం అని సర్దక తప్పదు. కోటా పద్ధతికి ఉన్న జబ్బు ఇదే. కోటా ఎంత బాగా కుదిర్చినా కొన్ని తరాలకు తప్పుతుంది, తప్పిన సంగతి ఆ పద్ధతికి తనంతట తనకు తెలియదు.

తరువాత వచ్చిన సిద్ధాంత జ్యోతిషం కోటాను పక్కనపెట్టి నెలకు ఒక పరీక్ష పెట్టింది. సూర్యుడు ఒక రాశి నుంచి మరో రాశిలోకి అడుగుపెట్టే క్షణం సంక్రమణం. ఏడాదికి పన్నెండు. అమావాస్య ముగిసిన క్షణం నుంచి మళ్లీ అమావాస్య ముగిసే క్షణం వరకు ఒక చాంద్రమాసం. ఆ నెలలో సూర్యుడు మేషంలో అడుగుపెడితే అది చైత్రం. వృషభంలో పెడితే వైశాఖం, మిథునంలో పెడితే జ్యేష్ఠం, ఇలా మీనంలో అడుగుపెట్టే ఫాల్గుణం దాకా. ఏ నెలలో సూర్యుడు ఏ రాశిలోకీ అడుగుపెట్టడో, ఆ నెలకు సొంత పేరు లేదు. అదే అధిక మాసం. వెనక వచ్చే నెల పేరునే దానికి ముందు తగిలిస్తారు, ఆ వెనక నెలను నిజ మాసం అంటారు.

సూత్రం ఇంతే. ఇందులో ఎన్నేళ్లకోసారి అన్న మాట లేదు, ఏ నెలలో అన్న మాటా లేదు. చూస్తే ఇది నెలలకు పేర్లు పెట్టే సూత్రం మాత్రమే. సవరణ ఆ పేర్లు పెట్టడంలోనే జరిగిపోతుంది. అదెలాగో ఒక్క సంక్రమణాన్ని మూడేళ్లపాటు వెంబడించి చూద్దాం. మిథున సంక్రమణం తీసుకుందాం. ఈ మూడేళ్లలోనూ అది జూన్ 15నే పడుతుంది.

2024లో జూన్ 6 సాయంత్రం ఆరు దాటాక అమావాస్య ముగిసింది, జ్యేష్ఠం మొదలైంది. జూన్ 15న, అర్ధరాత్రి దాటిన కాసేపటికి, సూర్యుడు మిథునంలోకి వెళ్లాడు. అంటే నెల మొదలైన ఎనిమిది రోజుల చిల్లరకు సంక్రమణం. 2025లో నెల మే 27 ఉదయం ఎనిమిదిన్నరకే మొదలైంది. సంక్రమణం మళ్లీ జూన్ 15నే, ఉదయం ఏడింటి లోపు. ఈసారి నెల మొదలైన దాదాపు పందొమ్మిది రోజులకు. నెల ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంటే, ఉన్నచోటే ఉన్న సంక్రమణం నెల చివరి వైపుకు నెట్టుకుపోతోంది.

2026లో మే 17 తెల్లవారుజామున ఒంటిగంటన్నరకు అమావాస్య ముగిసింది. సంక్రమణం జూన్ 15 మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో. నెల మొదలైన 29 రోజుల పదకొండున్నర గంటలకు. కానీ ఆ చాంద్రమాసం నిడివి 29 రోజుల ఏడు గంటలే. జూన్ 15 ఉదయం 8 గంటల 24 నిమిషాలకే అమావాస్య అయిపోయింది. సూర్యుడు నాలుగున్నర గంటలు ఆలస్యంగా వచ్చాడు. అటు చివర చూస్తే వృషభ సంక్రమణం మే 15 ఉదయమే జరిగిపోయింది, నెల మొదలు కావడానికి రెండు రోజుల ముందు. ముందు సంక్రమణం నెల కన్నా ముందే వెళ్లిపోయింది, వెనక సంక్రమణం నెల దాటాక వచ్చింది. మధ్యలో నెల ఖాళీగా మిగిలింది. మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం.

ఇక్కడే అసలు పనితనం. ఆ ఉదయం 8 గంటల 24 నిమిషాలకు నిజ జ్యేష్ఠం మొదలైంది. నాలుగున్నర గంటలకల్లా సంక్రమణం దాని ఒళ్లో పడింది. నెల చివరి నుంచి జారిపోయిన సంక్రమణం ఇప్పుడు కొత్త నెల మొదట్లో ఉంది. 2027లో నెల మొదలైన పదకొండో రోజున ఉంటుంది, ఆ పైయేడు ఇంకా అవతల. తేడా పేరుకుని పేరుకుని సరిగ్గా నెల నిండిన నాడు తనంతట తానే ఖాళీ అవుతుంది. ఎవరూ పద్దు రాయలేదు, ఎవరూ జమా ఖర్చులు చూడలేదు. నిన్నటిదాకా పేరుకున్నది ఎంతో తెలియనివాడు కూడా, ఈ నెల రెండు చివరలూ చూసి, నడుమ సంక్రమణం ఉందా లేదా అని చెప్పగలిగితే చాలు.

రెండో చమత్కారం పేరు అరువు తెచ్చుకోవడంలో ఉంది. పదమూడో నెలకు ఒక కొత్త పేరు పెట్టి సంవత్సరం చివర తగిలించి ఉండవచ్చు. యూదుల పంచాంగంలో అదనపు నెల ఎప్పుడూ అదార్ దగ్గరే చేరుతుంది. మనదాంట్లో ఖాళీ ఎక్కడ పడితే అక్కడే నెల చేరుతుంది, పండగలన్నీ నిజ మాసంలోనే జరుగుతాయి. కనుక పండగ ఉన్న ప్రతి నెలా తన సంక్రమణాన్ని తనలో పెట్టుకునే ఉంటుంది. దీని ఫలితం లెక్క వేసుకోవచ్చు. కన్యా సంక్రమణం సెప్టెంబరు 17న. అది భాద్రపదంలో పడి తీరాలి. అలాగైతే భాద్రపదం ఆగస్టు 19కి కాస్త అటూ ఇటూ మొదలుకుని సెప్టెంబరు 17 లోపు ఎప్పుడైనా మొదలు కావచ్చు. చవితి మరో మూడు రోజులకు. ఆగస్టు మూడో వారం దాటకుండా వినాయక చవితి రాదు, సెప్టెంబరు 20 దాటి పోదు. 2020లో ఆగస్టు 22న వచ్చింది, ఆ అంచున. 2023లో సెప్టెంబరు 18న వచ్చింది, ఈ అంచున. నిజ చైత్ర పాడ్యమి కూడా అంతే, మార్చి నడుమ నుంచి ఏప్రిల్ 14 వరకు ఉన్న నెల రోజుల్లోనే తిరుగుతుంది. 2021లో ఉగాది ఏప్రిల్ 13న పడింది, తెల్లవారితే మేష సంక్రమణం.

అంటే పండగ ఆగకుండా జారిపోవడం లేదు, నెల వెడల్పున్న ఒక గదిలో అటూ ఇటూ తిరుగుతోంది. ఆ గదికి గోడలు సంక్రమణాలు.

పందొమ్మిదేళ్లకోసారి అంతా తిరిగి మొదటికి వస్తుంది కదా, ఆ పట్టిక ఒకటి పెట్టుకుంటే చాలదా అని లెక్కలు తెలిసినవారు అడుగుతారు. నిజమే, పందొమ్మిది సౌర సంవత్సరాలూ 235 చాంద్రమాసాలూ కొన్ని గంటల తేడాతో సమానం. 228 మామూలు నెలలు, 7 అధికం. 2007 నుంచి చూడండి: ఆ ఏడూ అధిక జ్యేష్ఠమే, అదీ మే 17 నుంచి జూన్ 15 వరకే. ఆ తరువాత 2010, 2012, 2015, 2018, 2020, 2023, 2026. సరిగ్గా ఏడు. 2004లో అధిక శ్రావణం జూలై 18న మొదలైంది, 2023లోనూ అదే తేదీన. పట్టిక ఇంత చక్కగా పనిచేస్తుంటే సూత్రం ఎందుకు?

2010ని ముట్టుకోండి, తెలుస్తుంది. ఆ ఏడు అధిక వైశాఖం, అంతకు పందొమ్మిదేళ్ల ముందు 1991లోనూ అధిక వైశాఖమే. పట్టిక ప్రకారం 2029లో మళ్లీ అధిక వైశాఖం రావాలి. దృక్ లెక్క ప్రకారం వచ్చేది అధిక చైత్రం. కొన్ని గంటల తేడాలే ఒకదాని మీద ఒకటి చేరి సంక్రమణాన్ని నెల హద్దు దాటించేశాయి. పట్టికకు ఆ కబురు అందదు. సూత్రం ఆ నెల రెండు చివరలే చూస్తుంది కాబట్టి దానికి అందుతుంది.

సూత్రం పదును ఇంకా బాగా తెలిసేది క్షయ మాసం దగ్గర. సూర్యుడి నడక ఏడాది పొడవునా ఒకే తీరుగా ఉండదు. జనవరి మొదట్లో భూమి సూర్యుడికి దగ్గరగా ఉంటుంది కనుక అప్పుడు వేగం ఎక్కువ. ధనుర్మాసం 29 రోజుల కొద్ది గంటల్లో అయిపోతుంది. జూన్, జూలైల్లో మెల్లగా నడుస్తాడు, మిథున మాసం ముప్పై ఒక్క రోజులన్నర దాకా సాగుతుంది. ఖాళీ నెల పడాలంటే రెండు సంక్రమణాల మధ్య చాంద్రమాసం పట్టేంత చోటుండాలి. ఎండాకాలం నెలల్లో ఆ చోటు పుష్కలం. అందుకే అధిక మాసాలు చైత్రం నుంచి ఆశ్వయుజం దాకా తరచూ వస్తాయి, పుష్యంలో రావడమంటూ దాదాపు లేదు. అక్కడ వ్యవహారం తిరగబడుతుంది. సౌరమాసం చాంద్రమాసం కన్నా పొట్టి అయిపోతుంది కాబట్టి, ఒక్కొక్కప్పుడు ఒకే చాంద్రమాసంలో రెండు సంక్రమణాలు పడతాయి.

దుందుభి సంవత్సరంలో, అంటే 1982-83లో, అలాగే జరిగింది. 1983 జనవరి 14 ఉదయం పదిన్నర దాటాక అమావాస్య ముగిసింది. ఆ మధ్యాహ్నమే మకర సంక్రమణం. తరువాతి అమావాస్య ఫిబ్రవరి 13 ఉదయం ఆరింటికి ముగిసింది. దానికి కాస్త ముందు, ఇంకా చీకటి ఉండగానే, సూర్యుడు కుంభంలోకి వెళ్లిపోయాడు. మకరంతో మొదలై కుంభంతో ముగిసిన నెల. పుష్యమూ అదే, మాఘమూ అదే. రెండు పేర్లకు ఒకటే నెల కనుక ఒక పేరు లోపించింది. అయితే ఆ సంవత్సరానికి నెలలు పన్నెండు కన్నా తగ్గాయా? తగ్గలేదు. అంతకు ముందు 1982 సెప్టెంబరు, అక్టోబరుల్లో అధిక ఆశ్వయుజం వచ్చింది. క్షయం అయిన వెంటనే 1983 ఫిబ్రవరి 13న మొదలైన నెలలో మళ్లీ సంక్రమణం లేదు, అధిక ఫాల్గుణం. ఒకటి తీసేసి, దానికి అటొకటి ఇటొకటి కలిపింది సూత్రం. మొత్తం మీద కలిసింది ఒక్కటే. కోటా పద్ధతి ఏదైనా ఇలాంటి ఏడు దగ్గర చేతులెత్తేయాల్సిందే. సూత్రానికి మాత్రం ప్రత్యేక నిబంధన ఏదీ అక్కర్లేకపోయింది. నెలలో సంక్రమణాలు ఎన్ని అన్న ప్రశ్నకు ఒకటి అయితే మామూలు, సున్నా అయితే అధికం, రెండయితే క్షయం. ఆ ముందటి క్షయ మాసం 1963-64లో వచ్చింది. తరువాతిది 2123-24లో, మన మునిమనవళ్ల కాలంలో.

సూత్రం ఎంత నిక్కచ్చి అయినా, సంక్రమణ సమయం, అమావాస్య సమయం సరిగ్గా కట్టలేకపోతే దండగ. ఆ కొలతలు మనవాళ్ల చేతికి ఎంత సూక్ష్మంగా అందాయో సూర్యసిద్ధాంతం చెబుతుంది. 43,20,000 సంవత్సరాల మహాయుగంలో 5,34,33,336 చాంద్రమాసాలు, వాటిలో 15,93,336 అధిక మాసాలు, మొత్తం రోజులు 157,79,17,828 అంటుంది. ఆ రోజుల్ని ఆ నెలలతో భాగిస్తే చాంద్రమాసం నిడివి ఈనాటి విలువతో ఒక్క సెకను కూడా తేడా లేకుండా వస్తుంది. అధిక మాసాల లెక్క చూస్తే సగటున 32 సౌరమాసాల 16 రోజుల 4 ఘడియలకు ఒకటి. అది సగటు మాత్రమేనని మరిచిపోకూడదు. 2020 ఆశ్వయుజం నుంచి 2023 శ్రావణానికి పట్టిన కాలం ఒకటి, 2018 జ్యేష్ఠం నుంచి 2020 ఆశ్వయుజానికి పట్టిన కాలం ఇంకొకటి. సగటును చూసి అధిక మాసం వేసే సిద్ధాంతి ఎవరూ లేరు.

సౌర, చాంద్రమానాలు రెండూ ఎక్కడ విడిపోతాయో కళ్లారా చూడాలంటే తిరుమల వెళ్లాలి. సాలకట్ల బ్రహ్మోత్సవాలు కన్యామాసంలో శ్రవణా నక్షత్రాన చక్రస్నానంతో ముగుస్తాయి. కన్యామాసం సౌరమానం. నవరాత్రులేమో ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి నుంచి, పూర్తిగా చాంద్రమానం. మామూలు ఏడాదుల్లో రెండూ కలిసి వస్తాయి, బ్రహ్మోత్సవం ఒక్కటే. వేసవి, వర్షాకాలాల్లో అధిక మాసం పడిన ఏట ఆశ్వయుజం కన్యామాసాన్ని దాటి తులలోకి జరుగుతుంది, రెండూ విడిపోతాయి. అప్పుడు స్వామివారికి ఏడాదిలో రెండు బ్రహ్మోత్సవాలు. 2023లో సెప్టెంబరు 18 నుంచి ఒకటి, అక్టోబరు 15 నుంచి మరొకటి. 2018లో, 2020లోనూ అలాగే జరిగాయి. భక్తులకు అది అదనపు వైభవం. లెక్క చూసేవాడికి సూర్యచంద్రుల పద్దుల మధ్య తేడా వాహనాలెక్కి నాలుగు మాడ వీధుల్లో తిరిగినట్టుంటుంది.

ఇళ్లలో దీని ఫలితం వేరే రకం. అధిక మాసంలో పెళ్లిళ్లు, గృహప్రవేశాలు పెట్టుకోరు. అది వేసవి సెలవుల్లో పడితే, 2026లో పడ్డట్టు, కల్యాణ మండపాల వాళ్లకూ వంటవాళ్లకూ ఒక సీజన్ సగానికి పోయినట్టే. 2020లో మహాలయ అమావాస్య సెప్టెంబరు 17న అయిపోతే, మర్నాడు మొదలు కావలసిన నవరాత్రులు అక్టోబరు 17 దాకా రాలేదు. నడుమ అధిక ఆశ్వయుజం నెలంతా నిలబడింది. 2023లో అధిక శ్రావణం వచ్చిందని తెలియక, మొదటి శ్రావణ శుక్రవారానికే వరలక్ష్మీ వ్రతం సరుకులు తెచ్చిపెట్టుకున్న ఇళ్లు తక్కువేమీ కావు. వ్రతం నిజ శ్రావణంలో, ఆగస్టు 25న వచ్చింది. ఉత్తరాదిలో గందరగోళం ఇంకా ఎక్కువ. వాళ్ల నెల పౌర్ణమితో ముగుస్తుంది కాబట్టి, నిజ మాసం కృష్ణపక్షం ముందు వచ్చి, తరువాత అధిక మాసం మొత్తం వచ్చి, ఆ పైన నిజ మాసం శుక్లపక్షం వస్తుంది. అధిక మాసం నిజ మాసం కడుపులో దూరినట్టు. ఆ ఏడు వాళ్ల శ్రావణం జూలై 4న మొదలై రెండు నెలలు సాగింది. ఈ విషయంలో అమావాస్యతో ముగిసే మన నెలే తేలిక.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు ఒక మాట అడుగుతుంటారు: డల్లాస్‌లో చవితి ఒక రోజు తేడాగా వచ్చినప్పుడు, అధిక మాసం కూడా తేడాగా రావచ్చా అని. రాదు. తిథికి పండగ కట్టేది స్థానిక సూర్యోదయాన్ని బట్టి, అందుకే ఊరు మారితే తేదీ మారుతుంది. అమావాస్య ముగియడం, సూర్యుడు రాశి మారడం ఆకాశంలో జరిగే సంఘటనలు. ప్రపంచమంతటికీ ఒకటే క్షణం. ఏది ముందు, ఏది వెనక అన్న వరస ఏ ఊళ్లోనూ తిరగబడదు.

మరి ఇంత పనితనంలోనూ లోటు లేదా? ఉంది, అది సూత్రంలో కాదు, సూత్రం నమ్ముకున్న సూర్యుడిలో. ఈ సంక్రమణాలు నక్షత్రాలను ఆధారం చేసుకున్న నిరయన రాశులవి. రుతువులు నడిచేది విషువత్తులను బట్టి. ఆ రెండు సంవత్సరాలకూ ఇరవై నిమిషాల చిల్లర తేడా, అది దాదాపు డెబ్బై ఏళ్లకు ఒక రోజు అవుతుంది. ఉత్తరాయణం నిజంగా మొదలయ్యేది డిసెంబరు 21, 22 తేదీల్లో, మనం మకర సంక్రాంతి చేసుకునేది జనవరి 14, 15ల్లో. ఇరవై నాలుగు రోజుల దూరం ఇప్పటికే పేరుకుంది. సంక్రాంతి కదలదని మొదట్లో రాసిన మాట ఒక మనిషి జీవితకాలానికే నిజం. చాంద్రమాన పండగలు సంక్రమణాలకు కట్టుబడి ఉన్నాయి కాబట్టి అవీ వాటితోపాటే, గది మొత్తం జరిగినట్టు, మెల్లగా తరువాతి రుతువుల్లోకి జరుగుతున్నాయి. పైగా సూర్యసిద్ధాంతం వారి సంవత్సరం అసలు దానికన్నా మూడున్నర నిమిషాలు ఎక్కువ. 1952లో మేఘనాద్ సాహా అధ్యక్షతన ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం ఈ జరుగుబాటును ఆపమని సూచించింది. 1957 మార్చి 22 నుంచి ప్రభుత్వం శక పంచాంగాన్ని తెచ్చింది కూడా. పండగల విషయంలో మాత్రం పంచాంగకర్తలు పాత నిరయన పద్ధతినే అంటిపెట్టుకున్నారు. నా మటుకు నాకు సాహా సంఘం మాటే సబబుగా తోస్తుంది. కానీ డెబ్బై ఏళ్లకు ఒక రోజు అన్న నష్టం ఎవరికీ నొప్పి పుట్టించేది కాదు, అందుకే ఎవరూ కదలలేదు.

రెండో చిక్కు అంచుల దగ్గర. సూర్యుడు రోజుకు ఒక డిగ్రీ, అంటే అరవై కళలు నడుస్తాడు. గంటకు రెండున్నర కళలు. సంక్రమణానికీ అమావాస్యకూ మధ్య రోజుల తరబడి ఎడం ఉన్నప్పుడు ఎవరు ఏ పద్ధతిలో గుణించినా ఒకటే జవాబు. ఎడం గంటల్లోకి వచ్చినప్పుడు, రాశిచక్రం ఎక్కడ మొదలవుతుందన్న దాంట్లో కొద్ది కళల తేడా ఉన్నా చాలు, ఒకరి లెక్కలో సంక్రమణం నెల లోపల పడుతుంది, మరొకరి లెక్కలో బయట. దృక్ పంచాంగానికీ పూర్వ పద్ధతి పంచాంగానికీ అధిక మాసం దగ్గర పేచీ వస్తే, దాదాపు ఎప్పుడూ ఈ అంచు మీదే వస్తుంది. రెండు పంచాంగాల్లోనూ అమావాస్య ముగిసే సమయం, సంక్రమణ సమయం రాసే ఉంటాయి. ఏ అంకె దగ్గర విడిపోయారో పాఠకుడే పట్టుకోవచ్చు.

అలాంటి అంచు మళ్లీ 2029లో వస్తోంది. దృక్ లెక్కన ఆ ఏడు అధిక చైత్రం మార్చి 16 నుంచి ఏప్రిల్ 13 వరకు. ఏప్రిల్ 14 తెల్లవారుజామున అమావాస్య ముగుస్తుంది. ఆ పైన సుమారు ఒక గంటకే మేష సంక్రమణం. ఆ సంవత్సరం పంచాంగం చేతికి వచ్చినప్పుడు రాశిఫలాల కన్నా ముందు ఆ రెండు సమయాలూ చూడండి. వీలైతే రెండు వేర్వేరు సిద్ధాంతుల పంచాంగాలు కొని, పక్కపక్కన పెట్టి చూడండి.